మే నెల బిల్లును మే నెల బిల్లుతోనే పోల్చాలి

చిన్న వ్యాపార సంస్థలు తమ పనితనం చెప్పుకోవడానికి వేసే కాగితాల్లో ఒకే రకం వాక్యం కనిపిస్తుంది. ‘మా సేవల వల్ల ప్రముఖ క్లయింటుకు విద్యుత్ ఖర్చు గణనీయంగా తగ్గింది, వారు ఎంతో సంతృప్తి చెందారు’ అంటారు. ఆ ప్రముఖ క్లయింట్ ఎవరో, ఎంత తగ్గిందో, దేనితో పోల్చి తగ్గిందన్నారో ఎక్కడా ఉండదు. అలాంటి మరో క్లయింట్ ఆ కాగితం చదివితే తన గోడౌనో తన మిల్లో అందులో ఎక్కడా కనిపించదు. అందుకే ఫోన్ చేయడు.

క్లయింట్ కేస్ స్టడీ అంటే ఒక క్లయింటుకు ఏ ఇబ్బంది ఉండేది, దానికి ఏం చేశారు, చివరికి ఏం మారింది అన్నది కొలతలతో సహా చెప్పే రెండు పేజీల కథనం. అది రెండు పనులు చేయాలి. చెప్పిన ఫలితం నిజమని చదివేవాడికి నమ్మకం కలగాలి. తనలాంటివాడి కథే ఇదని అతనికి తెలియాలి. ఈ రెండూ ఎలా కుదురుతాయో ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా చూద్దాం. ఉదాహరణ నేను అల్లినది, అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. లెక్క కట్టే పద్ధతి మాత్రం అసలైనదే.

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు చాలా ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా కొత్త పంట వస్తుంది. అమ్మగా మిగిలిన టిక్కీలు ఏసీ గదుల్లోకి చేరతాయి. ధర చూసుకుని ఏడాది చివరి దాకా కొద్దికొద్దిగా బయటికి తీస్తారు. సరుకు వేడిగా లోపలికి వచ్చే రోజులూ ఎండలు మండే రోజులూ ఒకటే కావడంతో ఏప్రిల్, మే నెలల్లో కంప్రెసర్లకు తీరిక ఉండదు. డిసెంబరు, జనవరి వచ్చేసరికి గదులు ఖాళీ అవుతాయి, మరమ్మతులు చేయించుకుంటారు. ఈ క్రమం గుర్తుంచుకోండి, తర్వాత దీనితోనే పని.

ఇలాంటి ఒక కోల్డ్ స్టోరేజీకి ఎలక్ట్రికల్ ప్యానెళ్లు కట్టే ఒక చిన్న సంస్థ పని చేసిపెట్టింది అనుకుందాం. సమస్య పవర్ ఫ్యాక్టర్‌ది. మోటారు తీసుకునే కరెంటులో కొంత పని చేయడానికి పోతుంది, కొంత మోటారు లోపలి అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టడానికి పోతుంది. పనికి పోయేది కిలోవాట్ అవర్లలో, అంటే కేడబ్ల్యూహెచ్‌లో లెక్క. రెండూ కలిసినది కేవీఏహెచ్‌లో లెక్క. మన రెండు రాష్ట్రాల్లో హెచ్‌టీ కనెక్షన్ ఉన్న పరిశ్రమలకు బిల్లు వేసేది కేవీఏహెచ్ మీద. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టర్. అది 1కి ఎంత దగ్గరగా ఉంటే అంత లాభం. దాన్ని పెంచడానికి కెపాసిటర్లు పెడతారు.

మన కోల్డ్ స్టోరేజీలో కెపాసిటర్లు లేకపోలేదు. ఎప్పుడో పెట్టిన 20 కేవీఏఆర్ కెపాసిటర్లు నాలుగు ప్యానెల్లో ఉన్నాయి. క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే ఒక్కొక్కటి దాదాపు 25 ఆంపియర్లు తీసుకోవాలి. రెండు తీసుకుంటున్నాయి. మిగతా రెండు 10 కూడా దాటడం లేదు. డబ్బాలు బయటికి బాగానే కనిపిస్తున్నాయి, లోపల సరుకు చచ్చిపోయింది. పవర్ ఫ్యాక్టర్ 0.88 దగ్గర ఆగిపోవడానికి కారణం అదే. జనవరి మరమ్మతుల్లో ఆ రెండింటినీ తీసేసి, లోడు ఎంత ఉంటే అంతకు తగినట్టు తనంతట తానే కెపాసిటర్లను కలుపుతూ విడదీస్తూ ఉండే 100 కేవీఏఆర్ ఏపీఎఫ్‌సీ ప్యానెల్ ఒకటి పెట్టారు. ఆ తర్వాత బిల్లుల్లో పవర్ ఫ్యాక్టర్ 0.99 వస్తోంది.

పని బాగానే జరిగింది. ఇక దీన్ని కాగితం మీద పెట్టాలి. తప్పుదారి పట్టేది ఇక్కడే.

సంస్థవాళ్ల చేతికి అక్టోబరు బిల్లు వచ్చింది అనుకోండి. పని చేయకముందు మే నెల బిల్లులో 90,909 కేవీఏహెచ్ ఉంది. ఈ అక్టోబరులో 45,455 మాత్రమే. ‘బిల్లు సగానికి సగం తగ్గించాం’ అని పెద్ద అక్షరాలతో వేయాలని చేయి లాగుతుంది. రెండు బిల్లులూ అసలైనవే, అంకెల్లో ఒక్కటీ కల్పించింది కాదు. అయినా ఆ మాట అబద్ధం. అక్టోబరులో సగం గదులు ఖాళీ, ఎండ లేదు, కంప్రెసర్లు తక్కువ తిరిగాయి. తగ్గినదాంట్లో ఎక్కువ భాగం సరుకు తగ్గడం వల్ల తగ్గింది. ప్యానెల్ వల్ల కాదు. ఇంకో కోల్డ్ స్టోరేజీ యజమానికి ఇది చదవగానే తెలిసిపోతుంది. ఆయన బిల్లు కూడా ఏ ప్యానెలూ పెట్టకుండానే ప్రతి అక్టోబరులో తగ్గుతుంది కదా. మనకు కావలసిన క్లయింట్ ఎవరో ఈ బోల్తాను ముందుగా పట్టుకునేవాడూ అతనే. ఫలితాన్ని పెంచి రాస్తే నష్టం ఎక్కడ తగులుతుందో ఇక్కడ కనిపిస్తోంది.

అందుకని మే నెలను మే నెలతోనే పోల్చాలి. కిందటేడు మేలో 80,000 కేడబ్ల్యూహెచ్ వాడారు, పవర్ ఫ్యాక్టర్ 0.88, బిల్లు పడింది 90,909 కేవీఏహెచ్ మీద. ఈ ఏడు మేలో సరుకు కాస్త ఎక్కువ రావడంతో 84,000 కేడబ్ల్యూహెచ్ వాడారు, పవర్ ఫ్యాక్టర్ 0.99, బిల్లు 84,848 మీద పడింది. తేడా 6,061 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు అనుకుంటే రూ.42,000 చిల్లర.

కానీ ఇదీ సరైన లెక్క కాదు. ఈసారి తక్కువ చేసి చెప్పినట్టవుతుంది. పాత ప్యానెలే ఉండి ఉంటే ఈ మే నెలలో 84,000 యూనిట్లకు 0.88 చొప్పున 95,455 కేవీఏహెచ్ మీద బిల్లు వచ్చేది. వచ్చింది 84,848. నిజంగా మిగిలింది 10,607 యూనిట్లు, అంటే రూ.74,000 పైచిలుకు.

కేస్ స్టడీలో ఏ అంకె వేయాలి? రెండూ వేయాలని నేను అంటాను. ముందు బిల్లులో కంటికి కనిపించే తేడా, వెంటనే సరుకు పెరిగిన సంగతి, ఆ తర్వాత పాత పవర్ ఫ్యాక్టర్‌తో కట్టిన లెక్క. మూడు వాక్యాలకు మించదు. పెద్ద అంకె ఒక్కటే వేస్తే క్లయింట్ తన రెండు బిల్లులు పక్కపక్కన పెట్టుకుని ‘నాకు 42 వేలే తగ్గింది, మీరు 74 అంటారేమిటి’ అని అడుగుతాడు. చిన్న అంకె ఒక్కటే వేస్తే చేసిన పనిలో దాదాపు సగం కనబడకుండా పోతుంది. రెండూ ఉంటే, చదివే యజమాని తన బిల్లు తీసి తన కేడబ్ల్యూహెచ్‌ను తన పవర్ ఫ్యాక్టర్‌తో భాగించి చూసుకుంటాడు. మన లెక్కతో తన లెక్క తానే వేసుకున్న మనిషిని ఇంకేం చెప్పి ఒప్పించక్కర్లేదు.

ఇదే లెక్కలో ఇంకో చోట కాలు జారుతుంది. హెచ్‌టీ బిల్లులో యూనిట్ల చార్జీతో పాటు డిమాండ్ చార్జీ కూడా ఉంటుంది. ఆ నెలలో ఒక్కసారిగా ఎంత లోడు లాగారన్నదానికి కేవీఏల లెక్కన వేసే చార్జీ ఇది. పవర్ ఫ్యాక్టర్ పెరిగితే ఇదీ తగ్గుతుంది. మన ఉదాహరణలో గరిష్ఠ లోడు 220 కిలోవాట్లు. 0.88 దగ్గర అది 250 కేవీఏ, 0.99 దగ్గర 222. తేడా 28. కేవీఏకు రూ.475 అనుకుంటే నెలకు రూ.13,300 మిగిలిందని రాసేయడం తేలిక. కానీ ఒప్పందపు డిమాండ్ 300 కేవీఏ అనుకుందాం. అందులో 80 శాతం, లేదా మీటర్లో నమోదైన డిమాండ్, ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. 300లో 80 శాతం 240. కాబట్టి లోడు 222కు దిగినా బిల్లు 240కి పడుతుంది. మిగిలింది 10 కేవీఏ, అంటే రూ.4,750. మిగతాది దక్కాలంటే యజమాని డిస్కంకు దరఖాస్తు పెట్టుకుని ఒప్పందపు డిమాండ్ తగ్గించుకోవాలి. ఆ సంగతి కేస్ స్టడీలో తప్పకుండా రాయాలి. ‘ఒప్పందపు డిమాండ్ ఇంకా తగ్గించుకోలేదు, అందుకని డిమాండ్ చార్జీలో మిగిలింది నెలకు రూ.4,750 మాత్రమే’ అన్న ఒక్క వాక్యం చాలు. ఇలా తన పరిమితి తానే చెప్పిన కాగితంలో పక్కనున్న పెద్ద అంకెను కూడా జనం నమ్ముతారు. పైగా అదే ఇబ్బందిలో ఉన్న ఇంకొకడికి ‘మనదీ ఇంతే కదా’ అనిపించేది ఆ వాక్యం దగ్గరే.

పెట్టుబడి ఎప్పటికి తిరిగి వస్తుందన్న లెక్కకూ ఇంత జాగ్రత్తా కావాలి. ప్యానెల్‌కూ బిగింపుకూ కలిపి మూడు లక్షలైంది అనుకుందాం. మే నెల ఆదా సుమారు రూ.79,000. దానితో భాగిస్తే నాలుగు నెలల్లోపే వచ్చేస్తుంది. కానీ మే ఏడాదంతా ఉండదు. ఏడాది మొత్తం మీద 6 లక్షల కేడబ్ల్యూహెచ్ వాడే చోట ఆదా 75,700 కేవీఏహెచ్, రూ.5,30,000. సగటున నెలకు రూ.44,000. అప్పుడు ఏడు నెలలు పడుతుంది. జూన్‌లో కేస్ స్టడీ రాస్తుంటే చేతిలో ఉన్నవి ఫిబ్రవరి నుంచి మే దాకా వచ్చిన బిల్లులే. కాబట్టి ‘నాలుగు బిల్లులు చూశాం, మిగతాది కిందటేటి వాడకాన్ని బట్టి వేసిన అంచనా’ అని విడదీసి రాయాలి. కొలిచింది ఒక వరుసలో, అంచనా వేసింది ఇంకో వరుసలో పెట్టాలి.

అంకెలు అయ్యాక మనిషి దగ్గరికి రావాలి. కేస్ స్టడీ రాసేవాళ్లు క్లయింటును కలిసి ‘మా సర్వీసు ఎలా ఉంది సార్?’ అని అడుగుతారు. ‘బాగుందండీ’ అంటాడాయన. రాసుకోవడానికి ఏమీ మిగలదు. అడగాల్సింది పని జరగకముందు సంగతి. మన యజమానితో మాట దాదాపు ఇలా సాగాలి.

‘బిల్లు రాగానే మొదట ఏం చూసేవారండీ?’

‘కట్టాల్సిన మొత్తం చూసేవాణ్ణి. మిగతాదంతా గుమాస్తా చూసుకునేవాడు.’

‘ఎక్కువ వస్తోందని ఎప్పుడు అనిపించింది?’

‘పక్క స్టోరేజీ ఆయనా నేనూ మాట్లాడుకుంటుంటే తెలిసింది. ఆయనకీ నాకూ టిక్కీలు ఇంచుమించు అంతే. బిల్లు మాత్రం నాకే ఎక్కువ.’

‘మరి ముందే ఎందుకు చూపించలేదు?’

‘కెపాసిటర్లు ఉన్నాయి కదా అనుకున్నానండీ. ఉన్నవి పనిచేయడం లేదని ఎవరు చెబుతారు?’

ఈ చివరి మాట మొత్తం కేస్ స్టడీకి ఆయువుపట్టు. కెపాసిటర్లు ఉన్న యజమానులు చాలామందే ఉంటారు. ఉన్నవి పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నవాళ్లు తక్కువ. ‘ఉన్నాయి కదా’ అనుకునే ప్రతి మనిషినీ ఈ మాట లేపుతుంది. చదివిన సాయంత్రమే ఎలక్ట్రీషియన్ను పిలిచి క్లాంప్ మీటర్ పెట్టించుకునేలా చేస్తుంది. అందుకే దీన్ని లోపలెక్కడో కాకుండా మొదటి పేరాలోనే పెట్టాలి. భాషను సరిదిద్ది ‘మా వద్ద కెపాసిటర్లు ఏర్పాటు చేయబడి ఉన్నందున’ అని మార్చకూడదు. ఆయన అన్నది ఎలా అన్నాడో అలాగే ఉంచాలి.

అనని మాట ఆయన నోట్లో పెట్టడం అసలే కుదరదు. అది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. ఎవరైనా ఒక వస్తువునో సేవనో మెచ్చుకున్నట్టు చూపిస్తే అది ఆ వ్యక్తి నిజమైన అభిప్రాయమై ఉండాలని, తగిన సమాచారం మీదో అనుభవం మీదో ఆధారపడి ఉండాలని అవి చెబుతాయి. కొన్ని వృత్తులకైతే ఈ దారే మూసి ఉంది. న్యాయవాదులు ఇలా పని కోసం ప్రచారం చేసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధిస్తాయి. చార్టర్డ్ అకౌంటెంట్లకూ వారి సంస్థ కఠినమైన హద్దులు పెట్టింది. ఆ వృత్తుల్లో ఉన్నవారు ముందు తమ నియమావళి చూసుకోవాలి.

అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇక్కడ మన దగ్గర ఒక చిక్కుంది. చాలామంది యజమానులు మొహమాటానికి ‘వేసుకోండి’ అంటారు. ముద్రించిన కాగితంలో తమ బిల్లు, తమ లోడు, తాము నిల్వ చేసిన సరుకు పరిమాణం చూసుకున్నాక మనసు మారుతుంది. పోటీదారుకు తమ గుట్టు తెలిసిందని బాధపడతారు. అందుకని ముందే పూర్తి కాగితం తయారుచేసి, ఆయన ముందు కూర్చుని, ఒక్కో అంకె చూపించి ‘ఇది ఉంచమంటారా, తీసేయమంటారా’ అని అడగడం మేలు. బిల్లు ఫొటో వేస్తే సర్వీస్ నంబరు, చిరునామా కనిపించకుండా చేయాలి. పేరు వద్దంటే ‘గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ, ఒప్పందపు డిమాండ్ 300 కేవీఏ’ అని వేసినా నష్టం లేదు. చదివే యజమాని పోల్చుకునేది పేరుతో కాదు, ఊరితో, సరుకుతో, లోడుతో. అయితే పేరు లేనప్పుడు, ఆయన ఒప్పుకుంటే, నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లకు ఫోన్లో మాట్లాడించే ఏర్పాటు ఉండాలి.

శీర్షిక మీద కూడా ఒక మాట. ‘శీతల గిడ్డంగికి విద్యుత్ ఆదాలో ఘన విజయం’ అంటే అది ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ తగలదు. ‘గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ: నాలుగు కెపాసిటర్లలో రెండు పనిచేయడం లేదు, మార్చాక మే నెలలో 10,600 యూనిట్లు మిగిలాయి’ అంటే పొడుగైనా ఫర్వాలేదు. ఊరు, సరుకు, కారణం, నెల, అంకె అన్నీ ఉన్నాయి. ఈ కాగితం చేతులు మారేది ఎక్కువగా వాట్సాప్‌లోనే. యజమాని ఫోన్లో మొదటి పేజీ ఒక్కటే చూసి పక్కన పెడతాడన్న లెక్కతో రాయాలి. కాబట్టి శీర్షిక, ‘ఉన్నాయి కదా’ అన్న మాట, రెండు మే నెలల పట్టిక మొదటి పేజీలోనే అయిపోవాలి. పట్టికలో కేడబ్ల్యూహెచ్, పవర్ ఫ్యాక్టర్, కేవీఏహెచ్ అనే మూడు వరుసలు చాలు. సంస్థ ఎప్పుడు పెట్టారు, ఎన్ని అవార్డులు వచ్చాయి లాంటివి రెండో పేజీ అడుగున రెండు వాక్యాలు ఉంటే ఎక్కువ.

ఇంతకూ ఏ క్లయింట్ కథ రాయాలి? అందరికంటే పెద్ద క్లయింట్‌ది రాయాలనిపించడం సహజం. కానీ అదే సంస్థ ఒక పెద్ద సిమెంటు ఫ్యాక్టరీకి ఏదో చిన్న పని చేసిందనుకోండి, ఆ కథ చదివిన కోల్డ్ స్టోరేజీ ఆయన ‘వీళ్లు పెద్దవాళ్ల మనుషులు, మన దగ్గరికి రారు’ అనుకుంటాడు. రేపు ఎలాంటివాళ్లు ఫోన్ చేయాలని ఉందో అలాంటివాడి కథే ఎంచుకోవాలి. అంతే లోడు, అదే రకం యంత్రాలు, అదే సీజను ఉన్నవాళ్లు చుట్టూ పదుల సంఖ్యలో ఉంటే ఇంకా మంచిది. పసుపు, మిర్చి స్టోరేజీలకు పనికొచ్చే కథ ఒకటి, రైస్ మిల్లులకు పనికొచ్చే కథ ఒకటి విడివిడిగా రాయాలి. మిల్లు సీజను వేరు, లోడు వేరు. రెండింటినీ ఒకే కాగితంలో కలిపితే ఇద్దరిలో ఎవరికీ తమ లెక్క దొరకదు.

కేస్ స్టడీ పనిచేస్తోందా లేదా అన్నది వచ్చే ఫోన్లను బట్టి తెలుస్తుంది. ‘ప్యానెల్ ఎంతండీ?’ అని మాత్రమే అడిగితే కాగితం వాళ్లకు ఏమీ చెప్పలేదనే అర్థం. ‘మాది 400 కేవీఏ ఒప్పందం, పవర్ ఫ్యాక్టర్ 0.91 వస్తోంది, ఒప్పందం తగ్గించుకోమంటారా?’ అని అడిగితే ఆయన మన పట్టిక పక్కన తన బిల్లు పెట్టుకుని కూర్చున్నాడన్నమాట. అపార్ట్‌మెంటు సంఘాల నుంచి ఫోన్లు వస్తుంటే శీర్షికలో ఎక్కడో సరుకూ లోడూ స్పష్టంగా లేవని తెలుసుకుని దిద్దుకోవాలి.

ఏడాది తిరిగాక ఆ క్లయింట్ దగ్గరికి మళ్లీ వెళ్లి పన్నెండు బిల్లులూ తీసుకోవాలి. అంచనా అని రాసిన వరుసలో అప్పుడు కొలిచిన అంకె పడుతుంది. అది రూ.5,30,000 కంటే తక్కువ వచ్చినా ఉన్నదున్నట్టు మార్చి, మార్చిన తేదీ వేయాలి. కెపాసిటర్లు వేడికీ వోల్టేజీ హెచ్చుతగ్గులకూ మెల్లగా శక్తి కోల్పోతాయి కాబట్టి, అదే పూట క్లాంప్ మీటర్‌తో కొత్త ప్యానెల్లో ఒక్కో దాని ఆంపియర్లు కూడా చూసి ఆ రీడింగులు పట్టికలో చేర్చాలి.